మూడో కేసుకు మోడల్ జవాబు

పాండు సంచిని దుర్గవ్వే సర్దింది. పాల్మాకులలో ఆ వాడకట్టున ఎవరు ఊరు దాటినా సంచి ఆమె చేతుల మీదుగానే వెళ్లాలి. ఎవరూ పిలవరు. తనే పోయి గడప పక్కన చతికిలబడి, వాళ్లు మడిచిన బట్టలు విప్పి మళ్లీ మడుస్తుంది. మంగళవారం పొద్దున పాండు సంచిలో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, జొన్నరొట్టెలు, కారప్పొడి, జ్వరం గోలీలు, కడుపునొప్పి గోలీలు, ఏ నొప్పికో ఆమెకే గుర్తులేని గోలీలు ఇంకో పొట్లం పెట్టింది. అన్నిటికీ అడుగున ప్లాస్టిక్ కవర్లో కాగితాల కట్ట. జేబుదొంగల భయానికి ఫోన్‌ని కూడా తువ్వాలలో చుట్టి ఆ కాగితాల పక్కనే దూర్చింది. టికెట్ అందులోనే ఉందని పాండు మొత్తుకుంటే, రైలెక్కినాక తీసుకోమంది.

పాండు వెళ్తున్నది పూనా. వెళ్లమన్నది దుర్గవ్వ.

పాండుకు ముప్పై నాలుగేళ్లు. దుర్గవ్వ ఇంటి ముందుగదిలో పెళ్లాం కవితతో కిరాయికి ఉంటాడు. కవితది ఎయిర్‌పోర్టులో హౌస్ కీపింగ్, షిఫ్టు పని. అతనిది శంషాబాద్ పోయే తోవలో పంక్చర్ దుకాణం. రెండేళ్ల కిందట పూనా దాకా పోయి, అక్కడి షోరూంలో లక్షా నలభై వేలు పోసి, టైర్లు ఊడదీసే మిషన్ కొనుక్కొచ్చాడు. చక్రానికి పది నిమిషాలయ్యే పని రెండు నిమిషాల్లో అవుతుందని ఆశ. ఏడాది వారంటీ ఇచ్చారు. రెండో నెల తిరక్కుండానే, 2023 జులై రెండున, మోటారు కాలిపోయింది. మీ ఊరి కరెంటుదే తప్పని కంపెనీవాళ్లు చేతులు దులుపుకున్నారు. ఇలాంటి ఫిర్యాదు రెండేళ్లలోపు వేయాలి. అంటే వచ్చే బుధవారం దాకానే. ఎనిమిది రోజులు.

రెండేళ్లు ఎందుకు ఆగాడంటే, పూనా దూరం కాబట్టి. పూనాలోనే వేయాలని మొదటిరోజే తీర్పు చెప్పింది దుర్గవ్వ. కొన్నది అక్కడ, డబ్బు కట్టింది అక్కడ, కంపెనీ ఉన్నది అక్కడ, ఇక్కడ వాళ్లకు బ్రాంచి లేదు. పైగా బిల్లు కింద వివాదాలన్నీ పూనా పరిధిలోనే అని అచ్చు కూడా వేశారు. ఇక్కడ వేస్తే మొహాన కొడతారని చెప్పింది. పాండు దుకాణం మూసి పోలేక ఈ నెల, వచ్చే నెల అనుకుంటూ ఇంతదాకా తెచ్చాడు.

ఆమె మాటకు అంత విలువ ఎందుకంటే, ముప్పై ఏళ్లు జిల్లా వినియోగదారుల ఫోరంలో పనిచేసింది. చేసింది జడ్జిగా కాదు. ఐదో తరగతి చదువుతో చీపురు పట్టుకుని చేరింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక బీరువాల సందున కూర్చుని కేసుల కట్టలు విప్పి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేది. కాలిపోయిన ఫ్రిజ్జులు, ఈనని బర్రెలకు ఎగ్గొట్టిన బీమాలు, పెళ్లినాడు రాని బ్యాండుమేళం. మొదట కథల కోసం చదివింది, తరవాత తీర్పుల కోసం. చివరికి రికార్డ్ అసిస్టెంట్ అయి 2018లో రిటైరైంది. వాడకట్టువాళ్లు ఆమెను జడ్జమ్మ అనేవాళ్లు. మొదట్లో వెక్కిరింపుకు, తరవాత అవసరానికి. ఆమె రెండిటినీ మర్యాద కిందే జమ వేసుకుంది.

తొమ్మిదిన్నరకు ఆమె కాలేజీకి బయలుదేరాలి. పాండు పదకొండు దాటాక. సంచి మూతి బిగించి, "పోత అనకు. పోయొస్త అను" అంది.

"నేను పోయేది ఇంకో రెండు గంటలకు. ముందు నువ్వు చెప్పు" అన్నాడు పాండు.

"పోయొస్త" అంది దుర్గవ్వ, మొహం గంభీరంగా పెట్టి. ఈ విషయంలో ఆమెతో పరాచికాలు కుదరవు. మొగుడు కుర్మయ్య దవాఖానకు పోతూ పోతున్న అన్నాడే గాని పోయొస్త అనలేదు, తిరిగి రాలేదు. అప్పటినుంచి ఆమెకు రెండు నియమాలు. గడప దాటేవాడు పోయొస్త అనాలి. దాటినాక, ప్రాణం మీదికొచ్చినా, వెనక నుంచి పిలవకూడదు. ఆ రెండో నియమం కారణంగా ఆ ఇంటి నుంచి జనం గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒకసారి చంటిపిల్లవాడి పాలసీసా మరిచి వెళ్లిపోయారు. దుర్గవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడిందే తప్ప పిలవలేదు.

కాలేజీ శంషాబాద్ మెయిన్ రోడ్డు మీదే ఉంది. అక్కడ కామర్స్ చెప్పే పూర్ణిమ, వినియోగదారుల రక్షణ మీద ముప్పై గంటల సర్టిఫికెట్ కోర్సు పెట్టింది. పరీక్షలో చట్టాన్ని చిలక పలుకుల్లా అప్పజెప్పించకుండా, ఒక్కో కేసు ఇచ్చి నువ్వైతే ఏమంటావని అడగాలని ఆమె పంతం. కేసులకు మనిషి కావలసి వచ్చింది. ఎవరో దుర్గవ్వ పేరు చెప్పారు. ఐదు కేసులు, ఒక్కోదానికి పది మార్కులు, ప్రతిదానికీ మోడల్ జవాబు, ఏ ముక్కకు ఎన్ని మార్కులో పట్టిక. ఇవన్నీ కలిపి అచ్చు వేసే పుస్తకం మీద కేసులు సమకూర్చినవారు దుర్గవ్వ, విశ్రాంత రికార్డ్ అసిస్టెంట్ అని వేస్తామన్నారు. ఆ రోజు నుంచి దుర్గవ్వ కరెంటు బిల్లుల వెనక సంతకం అభ్యాసం చేస్తోంది.

మొదటి రెండు కేసులు పోయిన వారమే అయ్యాయి. అయ్యాయంటే, దుర్గవ్వ రాసినవి పోయి పూర్ణిమ రాసినవి మిగిలాయి. మొదటిది మూడు పేజీలు రాసుకొచ్చింది. ఒక పిల్లవాడు దుబాయి ఉద్యోగానికి బయలుదేరతాడు. తల్లి పచ్చడి సీసా పెడుతుంది, తీస్తుంది, మళ్లీ పెడుతుంది, గేటు దాకా వచ్చి కౌగిలించుకుని వదలదు. వాడు కౌంటర్‌కు చేరేసరికి అది మూసేసి ఇరవై నిమిషాలైంది. విమానం వెళ్లిపోయింది. విమాన సంస్థ టికెట్ డబ్బులూ మానసిక వేదనకు పరిహారమూ కట్టాలని దుర్గవ్వ మోడల్ జవాబు.

పూర్ణిమది గుంటూరు వైపు. అత్తాపూర్‌లో ఉంటుంది. మాట నెమ్మది, పెన్సిల్ మాత్రం కత్తి. ప్రతి కేసులోనూ ప్రతి వాక్యం ఏదో ఒక మార్కుకు పని చేయాలని, లేదా విద్యార్థిని పరీక్షించడానికి కావాలనే పెట్టిన అడ్డుదారి అయ్యుండాలని ఆమె మొదట్లోనే చెప్పింది. మూడు పేజీలు చదివి, కౌంటర్ మూసే సమయం టికెట్ మీద ఉందా అని అడిగింది. ఉందంది దుర్గవ్వ. సంస్థ ఆ సమయానికే మూసిందా. మూసింది. అయితే సేవలో లోపం ఎక్కడుందమ్మా అని పూర్ణిమ అడిగింది. చివరికి జవాబు తలకిందులైంది. సేవాలోపం లేదు, ప్రయాణికుడే ఆలస్యంగా వచ్చాడు, ఫిర్యాదు నిలవదు. సమయం ముందే తెలిపారని గుర్తించినందుకు మూడు మార్కులు.

"మరి తల్లి ఏడ్పుకు?" అంది దుర్గవ్వ.

"దానికి మార్కుల్లేవమ్మా" అంది పూర్ణిమ, ఆ పేరా మీద గీత కొడుతూ. "పిల్లలు జవాబు రాయరు, కూర్చుని ఏడుస్తారు."

రెండోది నీళ్ల సీసా కేసు. అచ్చు ధర మీద కూలింగ్ చార్జి అని ఐదు రూపాయలు అదనంగా గుంజిన బస్టాండు దుకాణం. అందులో కూడా ఊరెళ్లిపోతున్న అత్తాకోడళ్లు ఒక పేజీ మాట్లాడుకున్నారు. వాళ్లనూ బస్సెక్కించి పంపేసింది పూర్ణిమ.

అందుకే మూడో కేసు దుర్గవ్వ కసిగా రాసింది. కన్నీళ్లు లేవు, పచ్చడి లేదు. పాండు కథనే తీసుకుని పేరు శ్రీకాంత్ అని మార్చింది. స్టాఫ్ రూములో కూర్చుని పూర్ణిమ పైకి చదివింది.

"శ్రీకాంత్ శంషాబాద్‌లో ఒక్కడే పంక్చర్ దుకాణం నడుపుకుని బతుకుతాడు. పూనాలో ఒక కంపెనీ షోరూంకు వెళ్లి టైర్లు తీసే యంత్రం లక్షా నలభై వేలకు కొన్నాడు. ఏడాది వారంటీ. రెండో నెలలో మోటారు కాలిపోయింది. బాగుచేయడానికి కంపెనీ నిరాకరించింది. కంపెనీకి ఇక్కడ శాఖ లేదు. బిల్లు మీద వివాదాలు పూనా పరిధిలోనే అని ఉంది. ఇరవై మూడు నెలల తరవాత శ్రీకాంత్ తను నివసించే జిల్లాలోని కమిషన్‌లో ఫిర్యాదు వేశాడు. ఫిర్యాదు నిలుస్తుందా? కారణాలతో రాయండి."

పూర్ణిమ పెన్సిల్ పక్కన పెట్టింది. చాలా బాగుందంది. దుకాణం కోసం కొన్నాడు కాబట్టి వ్యాపారం కింద కొట్టేయాలనిపిస్తుంది, కానీ తన పొట్ట కోసం తనే చేసుకునే పని కాబట్టి వినియోగదారుడే. ఆ మలుపు పిల్లలు పట్టుకోవాలి. దానికి రెండు మార్కులు. వారంటీలోపు మోటారు పోవడం, కంపెనీ నిరాకరించడం, రెండు. గడువు దాటలేదని గుర్తిస్తే ఒకటి. ఏ ఉపశమనాలు అడగాలి, మరమ్మతు, మార్పిడి, డబ్బు వాపసు, పరిహారం, వాటికి రెండు. ఇక ఏ కమిషన్‌లో వేయాలన్నదానికి మూడు. మొత్తం పది.

దుర్గవ్వకు ఒళ్లు తేలికైంది. ముప్పై ఏళ్ల బీరువా దుమ్ముకు ఇన్నాళ్లకు ఒకరు బాగుందన్నారు. పూర్ణిమ కాగితం తిప్పి మోడల్ జవాబు చదవడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగింది.

"పరిధి లేదు, ఫిర్యాదును తిప్పి పంపాలి, పూనాలో వేసుకోవాలి అని రాశారేమిటమ్మా?"

"మరి గంతే కదా బిడ్డా. ఎదుటి పార్టీ ఉండే చోటన్న వెయ్యాలె, లేకపోతే గొడవ పుట్టిన చోటన్న వెయ్యాలె. ఈ మలుపు కోసమే ఈ కేసు రాసిన."

"అది పాత చట్టం."

దుర్గవ్వ నవ్వింది. కాలేజీ పిల్లలకు పాఠం చెప్పేవాళ్లకు ఫోరం సంగతి ఏం తెలుసన్నట్టు జాలిగా నవ్వి, ఈ ఒక్క సంగతి మీదే వాపసు పోయిన కేసులు తన చేత్తో రెండొందల దాకా కట్టలు కట్టానని చెప్పింది. ఏయే కట్ట ఏ బీరువాలో ఏ అరలో ఉండేదో కూడా చెప్పింది. పూర్ణిమ ఓపిగ్గా విన్నది. తరవాత బల్ల మీది చట్టం పుస్తకం తీసి, ముప్పై నాలుగో సెక్షన్ దగ్గర తెరిచి, వేలు పెట్టి చూపించింది. కంపెనీ ఉండే చోటు, శాఖ ఉండే చోటు, గొడవ పుట్టిన చోటు, అన్నీ ఉన్నాయి. వాటి కింద ఇంకో ముక్క. ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా స్వయంగా పని చేసుకుని బతికే చోట.

దుర్గవ్వ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచి పెట్టుకుంది. ముక్క అక్కడే ఉంది. బిల్లు మీద అచ్చు వేసిన మాట సంగతేమిటని అడిగింది. కంపెనీ తన బిల్లు మీద ఏదో అచ్చేసుకున్నంత మాత్రాన చట్టం ఇచ్చిన హక్కు పోదంది పూర్ణిమ. ఇది ఎప్పుడొచ్చిందని అడిగింది దుర్గవ్వ. 2019 చట్టం, 2020 జులై ఇరవై నుంచి అమల్లోకి వచ్చిందంది పూర్ణిమ. దుర్గవ్వ రిటైరైంది 2018లో. అంటే తను చీపురూ బీరువా తాళాలూ అప్పజెప్పి వచ్చాక చట్టం తనను అడగకుండానే మారిపోయింది. ఇప్పుడు ఫోరం కూడా కాదట, కమిషనట. కమిషన్ అన్న మాట తన కేసులో తనే రాసింది కూడా. పేరు మారిందని తెలుసుకుంది గాని, పేరుతో పాటు లోపల ఇంకేమన్నా మారిందా అని చూడలేదు.

"పాండు" అంది.

పూర్ణిమకు అర్థం కాలేదు. శ్రీకాంత్ నిజంగా ఉన్నాడని, వాడి పేరు పాండు అని, నాంపల్లిలో మధ్యాహ్నం రైలుకు పూనా పోతున్నాడని, వారం రోజుల్లో గడువు పోతుందని, భాష తెలియని ఊర్లో వాడు కమిషన్ ఎక్కడుందో వెతుక్కునేసరికే ఆ వారం గడుస్తుందని దుర్గవ్వ గడగడా చెప్పింది. ఫోన్ చేయమంది పూర్ణిమ. దుర్గవ్వ ఫోన్ చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. టైం పదకొండున్నర. వాడు గడప దాటి ఉంటాడు. గడప దాటినవాణ్ణి ఫోన్‌లో పిలవడం వెనక నుంచి పిలిచినట్టా, కాదా?

ఇది ముప్పై ఏళ్లలో ఏ కేసులోనూ రాని ప్రశ్న. ఫోన్ మనిషి జేబులో ముందువైపే ఉంటుంది కాబట్టి ముందు నుంచి పిలిచినట్టేనని తీర్పు చెప్పుకుని నొక్కింది. మోగింది. మళ్లీ మోగింది. నాలుగుసార్లు చేశాక ఆమెకు తువ్వాల గుర్తొచ్చింది. ఫోన్ జేబులో లేదు. దుప్పటి కింద, రొట్టెల కింద, మూడు రకాల గోలీల కింద, ఏ జేబుదొంగకూ దొరక్కుండా, ఏ చెవికీ వినబడకుండా భద్రంగా ఉంది.

పూర్ణిమ లేచింది. స్కూటీ తాళం తీసింది. దుర్గవ్వ అంతకు ముందు స్కూటీ ఎక్కలేదు. ఎక్కాక కళ్లు తెరవలేదు. ఊరి బస్టాప్ దగ్గర దిగి చూస్తే పాండు ఉన్నాడు, ఇటు వీపు పెట్టి, సంచి భుజాన వేసుకుని. నగరం వైపు బస్సు అప్పుడే వచ్చి ఆగింది. జనం ఎగబడుతున్నారు.

ఇక్కడ దుర్గవ్వ చేసిన పని గురించి తరవాత పూర్ణిమ స్టాఫ్ రూములో చెప్పి చాలామందిని నవ్వించింది. వెనక నుంచి పిలవకూడదు కాబట్టి ముందుకు పోయి పిలుద్దామని దుర్గవ్వ బస్సు చుట్టూ తిరగబోయింది. అరవై అయిదేళ్ల మోకాళ్లతో బస్సు మూతి దాకా వెళ్లేసరికి డ్రైవర్ హారన్ కొట్టాడు. బెదిరి వెనక్కి వచ్చి, తోక వైపు నుంచి పోదామని మళ్లీ బయలుదేరింది. ఈలోపు పాండు మెట్టు మీద కాలు పెట్టాడు. సంచి లోపలికి తోశాడు. వాడి వీపు మాత్రమే కనబడుతోంది. ఆ వీపుతో పాటు ఇంకో వీపు కూడా కనబడింది, దవాఖాన ఆటోలో కూర్చుంటున్న కుర్మయ్యది. కనబడినా సరే.

"పాండూ" అని పిలిచింది. వెనక నుంచి.

పాండు తిరిగి చూశాడు. మొదట భయపడ్డాడు. ఈ ముసలామె వెనక నుంచి పిలిచిందంటే ఎవరో పోయుంటారని అనుకున్నానని తరవాత చెప్పాడు. కిందికి దిగాడు. కండక్టర్ సంచి బయటికి విసిరాడు.

"ఏమైందవ్వా? కవితకేమన్న అయిందా?"

"కవితకేం గాలే. నాకే అయింది. పూనా పోవుడు అక్కర్లే. ఇక్కడే వెయ్యొచ్చు." ఒక్క క్షణం ఆగి మిగతాది కూడా చెప్పింది. "మొదటి దినం నుంచీ వెయ్యొచ్చు. నేను చెప్పింది తప్పు."

బస్సు వెళ్లిపోయింది. పాండు సంచి దుమ్ము దులిపాడు. రెండేళ్లు కాలిపోయిన మిషన్ మీద బట్ట కప్పి, దాని పక్కనే కూర్చుని చేత్తో టైర్లు ఊడదీసినవాడు. తిడతాడని దుర్గవ్వ ఎదురుచూసింది. తిట్టలేదు.

"జడ్జమ్మవు గదా, అప్పీలుకు పోదామంటే నీ మీద ఎవరున్నరు?" అన్నాడు చివరికి. పక్కన స్కూటీ మీద కూర్చున్న పూర్ణిమను చూపించింది దుర్గవ్వ.

ముగ్గురూ కాలేజీకి తిరిగి వచ్చారు. ఫిర్యాదు ఎలా రాయాలని పాండు అడిగితే పూర్ణిమ మూడో కేసు మార్కుల పట్టికనే తీసి బల్ల మీద పెట్టింది. నేనెందుకు వినియోగదారుణ్ణి, ఒక పేరా. లోపం ఏమిటి, ఒక పేరా. ఈ కమిషన్‌కే ఎందుకు వచ్చాను, గడువులోపే ఎలా వచ్చాను, ఏం అడుగుతున్నాను. పది మార్కులకు ఐదు ముక్కలు, ఫిర్యాదుకూ అవే ఐదు ముక్కలు. శ్రీకాంత్ ఉన్నచోట పాండు అని రాశారు. వకీలు తప్పనిసరి కాదు, అయిదు లక్షలలోపు కాబట్టి ఫీజు లేదు. కంప్యూటర్‌లో పంపడానికి పాండు నంబరుకు ఓటీపీ వస్తుందన్నారు. దానికోసం సంచి మొత్తం స్టాఫ్ రూము బల్ల మీద కుమ్మరించాల్సి వచ్చింది. లెక్కల సారు జొన్నరొట్టె రుచి చూసి బాగుందన్నాడు.

మర్నాడు అఫిడవిట్ మీద నోటరీ ముద్ర వేయించుకొచ్చారు. బిల్లు, వారంటీ కార్డు, కంపెనీ పంపిన మెసేజీలు, కాలిపోయిన మోటారు ఫోటో అన్నీ జత చేసి గురువారం సాయంత్రం పంపారు. దాఖలైనట్టు నంబరు వచ్చింది. జూన్ ఇరవై ఆరు. గడువుకు ఆరు రోజుల ముందు. గెలుస్తాడా లేదా అన్నది కమిషన్ చూసుకుంటుంది, కరెంటుదే తప్పని కంపెనీ వాదిస్తుంది కూడా. కానీ తలుపు దగ్గరే తిప్పి పంపరు.

ఆ సాయంత్రమే మూడో కేసు మోడల్ జవాబును దుర్గవ్వ మళ్లీ రాసింది. ఫిర్యాదు నిలుస్తుంది. మూడు మార్కుల ముక్క దగ్గర పూర్ణిమ ఒక సవరణ సూచించింది. పూనాలో వేయాలని రాసినా, కారణాలు వరసగా చెప్పిన విద్యార్థికి ఆలోచన చూసి ఒక మార్కు ఇద్దామంది. పరీక్షల్లో అది మామూలే.

"సున్నా" అంది దుర్గవ్వ.

"కారణాలు బాగా రాసినా?"

"బాగా రాసినోళ్లతోనే పరేషాన్. గట్ల బాగా చెప్పెబట్టే ఈడు రెండేండ్లు కూసున్నడు. సున్నా పెట్టు బిడ్డా."

పూర్ణిమ సున్నా పెట్టింది. కింద చిన్న అక్షరాలతో మూల్యాంకనం చేసేవారికి సూచన అని ఒక వాక్యం చేర్చింది. పాత చట్టం ప్రకారం రాసిన జవాబుకు మార్కులు లేవు.

పుస్తకం మీద పేరు సంగతి ఎత్తింది దుర్గవ్వ. తన పేరు తీసేస్తే మంచిదేమో అంది. అంటూనే తీయరన్న నమ్మకంతో పూర్ణిమ మొహం చూసింది. తీయను అంది పూర్ణిమ. దుర్గవ్వ రెండోసారి అడగలేదు. ఆమె అంత త్యాగశీలి ఏం కాదు.

ఇంటికొస్తూ ఆటోలో పాండు హుషారుగా ఉన్నాడు. పూనా చూసే యోగం తప్పించావని ఆమెను ఆడిపోసుకున్నాడు. దిగేటప్పుడు కిరాయి తనే ఇచ్చి, నవ్వుతూ, "ఇగ చెప్పవ్వా, నా అసొంటోళ్లను ఇంకెంతమందిని తోలినవ్?" అన్నాడు.

వాడు ఎగతాళికే అడిగాడు. దుర్గవ్వ వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. రిటైరయ్యాక తన దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమందివి గ్యాస్ సిలిండర్ తగాదాలు, బంగారం తరుగు, రాని కొరియర్లు. అవన్నీ ఇక్కడివే, ఇక్కడే తేలాయి. చట్టం మారడానికి ముందు వచ్చినవాళ్లను పక్కన పెట్టింది. వాళ్లకు చెప్పింది అప్పటికి సరైనదే. అలా వేళ్లు ముడుచుకుంటూ పోతే పాండు కాక ఒక్క వేలు మిగిలింది.

అత్తాపూర్ నుంచి వచ్చిన సుమలత. మొగుడితో సూరత్‌లో పనికి పోయి, అక్కడే ఎంబ్రాయిడరీ మిషన్ కొనుక్కుని, లాక్‌డౌన్‌లో దాన్ని లారీలో వేసుకుని తిరిగి వచ్చిన మనిషి. మిషన్ దారం తెంపుతోంది, కంపెనీవాడు ఫోన్ ఎత్తడం లేదు. ఇంట్లో కూర్చుని జాకెట్ల మీద పువ్వులు కుట్టి పిల్లను చదివించుకుందామనుకుంది. దుర్గవ్వ ఆమెకు చాయ్ ఇచ్చింది. కాగితాలన్నీ చదివి, కారణాలు వరసగా, బాగా చెప్పింది. సూరత్‌లోనే వేయాలంది. గంత దూరం నేనెట్ల పోత అవ్వా అని సుమలత అడిగితే, చట్టం అంతే బిడ్డా అంది. సుమలత కాగితాలు సంచిలో పెట్టుకుంది. పోయొస్త అనమంటే పోయొస్త అంది. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ ఒకసారి ఆగింది కూడా, ఇంకేమన్నా చెప్తారేమోనన్నట్టు. దుర్గవ్వ వెనక నుంచి పిలవలేదు.

శుక్రవారం దుర్గవ్వ పూర్ణిమను వెంటబెట్టుకుని అత్తాపూర్ వెళ్లింది. ఫ్లైఓవర్ పిల్లర్ల పక్క గల్లీలో, గుర్తున్నంత వరకు, ఇల్లిల్లూ అడిగింది. గడువు ఎప్పుడో దాటిందని, దాటాక వేస్తే ఆలస్యానికి తగిన కారణం చూపించి క్షమించమని అడగాలని, తప్పుడు సలహా విన్నానంటే కమిషన్ ఒప్పుకుంటుందో లేదో చెప్పలేనని పూర్ణిమ దారిలోనే చెప్పింది. దుర్గవ్వ తలూపింది. కనీసం చెప్పాలి కదా అంది. మూడో సందులో ఒక ఇంటి యజమానురాలు గుర్తుపట్టింది. మిషన్‌ను పాత ఇనుముకు అమ్మేసి గది ఖాళీ చేసి వెళ్లారంది. ఎక్కడికో చెప్పలేదు. ఉన్న నంబరు ఇచ్చింది. అది ఇప్పుడు వేరే ఎవరిదో అయింది.

సుమలత తిరిగి రాలేదు. ఆమె దుర్గవ్వ గడప దాటింది 2021 జనవరి పద్దెనిమిది, సోమవారం నాడు. అప్పటికి కొత్త చట్టం వచ్చి ఆరు నెలలు.